తొమ్మిది లక్షల క్షమాపణ

ముప్పై ఏళ్లుగా నేను తింటున్న తిండి పరాయివాళ్ల ఫిర్యాదులు చదివి సంపాదించిందే. బీమా కంపెనీలో క్లెయిముల సెక్షను నాది. కారు గుద్దుకున్నవాళ్లు, దుకాణం కాలిపోయినవాళ్లు, పాడిగేదె పోయినవాళ్లు అందరూ నా బల్ల ముందు కూర్చుని గోడు వెళ్లబోసుకున్నవాళ్లే. అంతా విన్నాక నేను అడిగేవి మూడే. ఎప్పుడు జరిగింది, ఎంత పోయింది, కాగితం ఏది? పాపం ఏడుస్తున్నవాళ్లను కూడా మధ్యలో ఆపి ఈ మూడూ అడిగిన పాపం నాది. అలాంటిది, నేను కొన్న ఫ్లాటు ఆలస్యమై, బిల్డరుకు ఫిర్యాదు రాయవలసిన రోజు నాకే వచ్చినప్పుడు, నా ఉత్తరంలో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.

ముందు సంగతి చెప్తాను. హైదరాబాదులో కొంపల్లి దాటాక ఒక అపార్ట్‌మెంటు. పన్నెండు వందల యాభై చదరపు అడుగుల ఫ్లాటు, ధర 65 లక్షలు. 2021 ఫిబ్రవరిలో అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్ట్రేషను చేయించుకున్నాం. అందులో ఇల్లు అప్పజెప్పే తేదీ 2023 మార్చి 31 అని, ఆపైన ఆరు నెలలు గ్రేస్ పీరియడ్ అని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఎంత ఉదారంగా లెక్కేసినా 2023 సెప్టెంబరు 30 కల్లా తాళాలు మా చేతిలో ఉండాలి. అప్పటికి శ్లాబులు పడ్డకొద్దీ కట్టుకుంటూ వచ్చిన వాయిదాలు 52 లక్షలు. అందులో ఎక్కువ భాగం బ్యాంకు అప్పే. సెప్టెంబరు 30న వెళ్లి చూస్తే లిఫ్టు గుంతలో వాన నీళ్లు, మా ఫ్లాటు కిటికీలకు చట్రాలు కూడా లేవు.

ఇంటికొచ్చి ఉత్తరం మొదలుపెట్టాను. ఏడు పేజీలైంది. ఇంత చక్కగా రాయగలనని నాకే తెలియదు. నమ్మకద్రోహం, మధ్యతరగతి కల, చెమటోడ్చిన సొమ్ము, ముసలి తల్లి చివరి కోరిక... ఏదీ వదల్లేదు. మా అమ్మ అప్పటికి కులాసాగా టీవీ చూస్తోంది. మా ఆవిడకు ఇచ్చి చదవమన్నాను. ఓపిగ్గా ఆఖరు దాకా చదివి, "బాగుందండీ, ఇంతకీ ఇందులో మనకేం కావాలని అడిగారు?" అంది. నాకు కోపం వచ్చింది. చదివినవాడికి గుండె ఉంటే వాడికే తెలుస్తుంది అన్నాను.

ఆ ఉత్తరాన్ని కంపెనీ చిరునామాకు రిజిస్టర్ పోస్టులో పంపానా అంటే అదీ లేదు. మాకు ఫ్లాటు అమ్మిన కుర్రాడికి వాట్సాప్‌లో పంపాను. అతను రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. కొన్నాళ్లకు అతనా కంపెనీయే మానేశాడు. నా ఏడు పేజీలూ అతనితోనే పోయాయి.

కంపెనీ నుంచి జవాబు మాత్రం తర్వాత ఎప్పుడో ఒకటి వచ్చింది, కొనుగోలుదారులందరికీ ఒకే నమూనాలో. ఇసుక దొరకలేదట, కూలీలు ఎన్నికలకు ఊళ్లకు పోయారట, వానలు ఎక్కువట. చివర ఒక వాక్యం: మా ప్రాజెక్టు పూర్తి చేయడానికి రెరా వారు 2024 డిసెంబరు 31 వరకు గడువు పొడిగించారు, కాబట్టి ఆలస్యం లేదు. రెరా అనే పేరు చూడగానే నేను చల్లబడిపోయాను. ప్రభుత్వమే ఒప్పుకున్నాక మనమేం మాట్లాడతాం అనుకున్నాను. ఆఫీసులో ఇలాంటి కాగితం నా బల్ల మీదికి వస్తే వెనక్కీ ముందుకీ తిప్పి చూసేవాణ్ని. ఇంటి విషయానికొచ్చేసరికి ఆ బుర్ర పనిచేయలేదు.

నేను అప్పుడు గ్రహించనిది ఏమిటంటే, ఇక్కడ రెండు తేదీలున్నాయి. ఒకటి ప్రాజెక్టు ఎప్పటికి పూర్తి చేస్తానని బిల్డరు రెరాకు చెప్పుకున్న తేదీ. అది వాళ్లిద్దరి మధ్యది. రెండోది నా ఇల్లు నాకు ఎప్పుడిస్తానని నా అగ్రిమెంటులో సంతకం పెట్టిన తేదీ. 2016 నాటి రెరా చట్టం పద్దెనిమిదో సెక్షను చూసేది ఈ రెండోదాన్నే. అగ్రిమెంటు ప్రకారం ఇల్లు ఇవ్వకపోతే, కొన్నవాడు వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లే కావాలనుకుంటే, అప్పజెప్పేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకోవచ్చు. రెరా దగ్గర బిల్డరు తెచ్చుకున్న కొత్త గడువు కొన్నవాడితో చేసుకున్న ఒప్పందాన్ని తిరగరాయదని బొంబాయి హైకోర్టు 2017 డిసెంబరులోనే, నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో తేల్చింది. ఇక ఇసుక, కూలీల మాట. గడువు పొడిగించడానికి చట్టం ఆరో సెక్షనులో ఒప్పుకున్న అనివార్య కారణాలు యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఆ కోవలోని ప్రకృతి విపత్తులు. మేస్త్రీ ఓటెయ్యడానికి ఊరెళ్లడం ఆ జాబితాలో లేదు.

ఇవన్నీ నాకు చెప్పింది మా ఎదురు ఫ్లాటు మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకూ మాకూ ఒకే కొలత, ఒకే ధర, దాదాపు ఒకే తేదీలు. కాని ఈ పాఠం ఆయన చెప్పేసరికి నేను చేయాల్సిన తెలివితక్కువ పని చేసేసి ఉన్నాను.

అది 2024 డిసెంబరులో జరిగింది. ఫిట్‌ఔట్ కోసం తాళాలు తీసుకోండి అని కబురొచ్చింది. ఫిట్‌ఔట్ అంటే అల్మారాలు, వంటింటి చెక్కపని చేయించుకోవడానికి ముందుగా తాళాలివ్వడం. దానికీ ఇల్లు స్వాధీనం చేయడానికీ చాలా దూరం ఉంది. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మనవాళ్ల భాషలో ఓసీ, రాకుండా అందులో కాపురం పెట్టమనడం చట్ట ప్రకారం అప్పగింత కాదు. కొన్నవాడు ఇల్లు తీసుకోవాల్సిన రెండు నెలల గడువు కూడా ఓసీ వచ్చాకే మొదలవుతుంది. ఇదీ అప్పుడు తెలియదు. తాళాలు అనగానే మా ఇంట్లో పంచాంగం తీశారు.

ఆ రోజు నేను గట్టిగా అడగాలనే వెళ్లాను. ఆలస్యానికి ఏమిస్తారు, అది తేలందే కదలను అని బస్సులో కూర్చుని మనసులో వల్లెవేసుకున్నాను. సైటు ఆఫీసులో మేనేజరు ఉంటాడనుకుంటే ఏకంగా యజమానే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నగారూ, మీ ఉత్తరం చదివాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మాది తప్పే, క్షమించండి" అన్నాడు. అతని కళ్లు చెమర్చాయి. పొడి అరచేతులు, మెత్తటివి, ఇప్పటికీ గుర్తు. కుర్చీ వేయించాడు, ఫిల్టర్ కాఫీ తెప్పించాడు, అది ఇత్తడి గ్లాసులో వచ్చింది. అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. నా ఏడు పేజీలు ఒకడు చదివాడన్నమాట! ఆ సంతోషంలో నాకు వడ్డీ గిడ్డీ ఏమీ గుర్తులేదు.

నిజం చెప్పాలంటే, ఏడాదిగా నేను కోరుకున్నది డబ్బు కాదు. నన్ను మోసం చేసినవాడు నా ఎదుట తలవంచి తప్పయిందనాలి. అది తప్ప నా ఫిర్యాదులో వేరే కోరిక లేదని మా ఆవిడకు మొదటి రోజే తెలిసింది. బిల్డరుకూ తెలిసింది. నాకే తెలియలేదు.

అప్పుడు కాగితం వచ్చింది. రెండు పేజీల సెటిల్‌మెంట్ లెటరు. దాని సారాంశం, మా వల్ల జరిగిన అసౌకర్యానికి ప్రతిగా రెండో కారు పార్కింగు, దాని ధర లక్షా యాభై వేలు, ఉచితంగా ఇస్తున్నాము. కొనుగోలుదారు తన ఇష్టపూర్వకంగా దీన్ని స్వీకరించి, ఆలస్యానికి సంబంధించి ఎలాంటి వడ్డీగానీ పరిహారంగానీ ఇకముందు కోరరు. నాకు మొదటి పార్కింగులో పెట్టడానికే కారు లేదు, ఉన్నది స్కూటరు. "ఇంటికి తీసుకెళ్లి నింపాదిగా చదువుకోండి అన్నగారూ, తొందరేం లేదు" అన్నాడతను. నేను జేబులోంచి పెన్ను తీస్తూ, "మీరింత మాట అన్నాక చదవడం ఏమిటండీ" అన్నాను. పక్కన అకౌంటెంటు, సైటు ఇంజినీరు ఉన్నారు. వాళ్లిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. అంతటితో ఆగానా? ఆ రాత్రి యజమానికి మెసేజి పెట్టాను: మీ సంస్కారానికి నమస్కారం, మీలాంటి బిల్డరు దొరకడం మా అదృష్టం. చివర పువ్వు గుర్తు.

ఓసీ 2025 మార్చి 28న వచ్చింది. తర్వాత మిగతావాళ్లను పిలిచి తాళాలివ్వడం మొదలుపెట్టారు. అప్పగింత పత్రంలో అందరికీ ఒక క్లాజు పెట్టారు, ఏ విధమైన క్లెయిమూ లేదని. మాస్టారు సంతకానికి పైన తన చేత్తో ఒక వాక్యం రాశారు: ఆలస్యపు వడ్డీకి నాకున్న హక్కును వదులుకోకుండా ఫ్లాటు స్వాధీనం చేసుకుంటున్నాను. మేనేజరు అలా రాస్తే తాళాలివ్వడం కుదరదన్నాడు. ఆయన గొడవ పెట్టుకోలేదు. నేరుగా పోస్టాఫీసుకు పోయి కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు ఎక్‌నాలెడ్జ్‌మెంట్‌తో ఉత్తరం పంపారు. ఫలానా రోజు ఫలానా గంటకు తాళాలు తీసుకోవడానికి వచ్చాను, వడ్డీ హక్కు వదులుకోనన్నందుకు ఇవ్వలేదు, ఇవ్వనన్నాళ్లూ ఆలస్యం మీ లెక్కలోనే పడుతుంది అని. ముప్పావు పేజీ. చివరలో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకదాన్ని ఉదహరించారు.

ఆ తీర్పు వింగ్ కమాండర్ అరిఫుర్ రహమాన్ ఖాన్ కేసుది, బెంగళూరు ఫ్లాట్ల గురించి. అక్కడ కూడా బిల్డరు, క్లెయిములు వదులుకుంటామని రాసిస్తేనే స్వాధీనం, రిజిస్ట్రేషను అన్న పద్ధతి పెట్టాడు. ఇల్లు కావాలంటే హక్కు వదులుకో, హక్కు కావాలంటే ఇల్లు లేకుండా ఉండు అని కొన్నవాణ్ని నిలబెట్టడం అన్యాయమని కోర్టు అంది. అగ్రిమెంటులో ఆలస్యానికి చదరపు అడుక్కు నెలకు ఐదు రూపాయలు ఇస్తామని రాసుకున్నారు కాబట్టి అంతకుమించి అడగకూడదన్న వాదననూ ఒప్పుకోక, పైగా ఆరు శాతం వడ్డీ ఇమ్మంది. అయితే అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది. బిల్డరుతో విడిగా సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లను ఆ లాభంలోంచి కోర్టు మినహాయించింది. మాస్టారు ఈ ముక్క చదివి నా మొహం చూశారు. నేను ఆయన మొహం చూడలేదు.

కొన్నాళ్లకు ఆయనకు తాళాలిచ్చారు, ఆయన రాసిన వాక్యంతో సహా. ఆ సాయంత్రం ఆయన మా ఇంట్లో కూర్చుని, పాత హాజరుపట్టీ వెనక ఖాళీ పేజీలో నా ఫ్లాటు లెక్క కట్టి చూపించారు. ఆ లెక్క ఇక్కడ పూర్తిగా రాస్తాను. దాంట్లో మెలికలు చాలామందికి పనికొస్తాయి.

వడ్డీ రేటు మన ఇష్టం కాదు. 2017 నాటి తెలంగాణ రెరా నిబంధనల ప్రకారం అది స్టేట్ బ్యాంకు వారి అత్యధిక ఎమ్‌సీఎల్ఆర్ మీద రెండు శాతం. ఆ రోజుల్లో అది పదకొండుకు అటూ ఇటూగా ఉంది కాబట్టి పదకొండే అనుకుందాం. ఇంకో సంగతి, ఇది 65 లక్షల మీద కాదు, మనం నిజంగా కట్టినదాని మీద, గడువు దాటిన రోజు నుంచి, ఆ తర్వాత కట్టినదానికైతే కట్టిన రోజు నుంచి. నేను గడువు నాటికి కట్టింది 52 లక్షలు. 2023 అక్టోబరు 1 నుంచి ఓసీ వచ్చిన 2025 మార్చి ఆఖరు దాకా పద్దెనిమిది నెలలు. 52 లక్షలకు పదకొండు శాతం చొప్పున నెలకు సుమారు 47,667 రూపాయలు, పద్దెనిమిది నెలలకు 8,58,000. మధ్యలో 2024 జులై 1న ఇంకో 6,50,000 కట్టాను. దానికి పద్దెనిమిది నెలలు వేయకూడదు, తొమ్మిదే. అది 53,625. రెండూ కలిపితే 9,11,625 రూపాయలు.

"అగ్రిమెంటులో ఐదు రూపాయల క్లాజు మనకీ ఉందిగా, అది ఒప్పుకుంటే?" అని అడిగాను. మాస్టారు ఒక్క గీతలో చూపించారు. పన్నెండు వందల యాభై అడుగులకు నెలకు 6,250, మొత్తం 1,12,500. ఎనిమిదో వంతు. నాకిచ్చిన పార్కింగు దీనికన్నా కాస్త ఎక్కువ అన్నమాట. బిల్డరు ఉదారంగా ఉన్నాడని నేను అనుకున్నది దీన్ని బట్టే!

తర్వాత ఆయన ఇంకో చిత్రం చూపించారు. బిల్డరు చెప్పే తేదీలు రెండూ ఒప్పేసుకుందాం అన్నారు. ఆలస్యం ఎప్పుడు మొదలైంది? రెరా పొడిగింపు అయిపోయిన 2024 డిసెంబరు 31 తర్వాత. ఎప్పుడు ముగిసింది? ఫిట్‌ఔట్ తాళాలిచ్చిన డిసెంబరుతో. అయితే ఆలస్యం ఎన్ని రోజులు? ఒక్కటీ లేదు. పద్దెనిమిది నెలలూ ఆవిరి. ఇంత పొందికగా ఆ డిసెంబరులోనే తాళాల మీద వాళ్లకు తొందర ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమైంది. మా అమ్మ మీద ప్రేమతో కాదు.

ఇక్కడైనా బుద్ధి తెచ్చుకుని మాస్టారి మాట వినాల్సింది. వినలేదు. మోసపోయానన్న ఉక్రోషంలో రెరాలో నేనే సొంతంగా ఫిర్యాదు వేశాను. 42 లక్షలు కావాలన్నాను. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్తాను, నవ్వుకోండి. 52 లక్షల మీద ఇరవై నాలుగు శాతం వడ్డీ, 18,72,000. ఇరవై నాలుగు ఎందుకంటే, మా వీధిలో ఫైనాన్సు వాడు తీసుకునేది అంత. పద్దెనిమిది నెలల అద్దె 3,96,000. బ్యాంకుకు నేను కట్టిన వడ్డీ 6,32,000. మానసిక వేదన పది లక్షలు. తప్పిపోయిన గృహప్రవేశ ముహూర్తాలకు, ఇతరత్రా, మూడు లక్షలు. కూడితే సరిగ్గా 42 లక్షలు వచ్చినందుకు ఎంత మురిసిపోయానో.

మాస్టారు దాని నకలు చూసి, "ఒకే ఆవును మూడుసార్లు అమ్మారే" అన్నారు. ఆయన చెప్పింది ఇది. ఆలస్యపు వడ్డీ ఎందుకిస్తారు? నా డబ్బు బిల్డరు దగ్గర ఇరుక్కుపోయినందుకు. బ్యాంకుకు నేను వడ్డీ ఎందుకు కట్టాను? అదే డబ్బు కోసం. ఒకే సొమ్ముకు రెండుసార్లు వడ్డీ అడిగానన్నమాట. 2025 జూన్‌లో మొహాలీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇంచుమించు ఇదే, కట్టిన సొమ్ముకు వడ్డీ ఇప్పించాక, కొన్నవాడు చేసుకున్న అప్పు మీద వడ్డీ కూడా వాళ్లే భరించాలనడం కుదరదని. ఇక అద్దె. దాన్ని పరిహారం కింద అడగొచ్చు, కాని అద్దె ఒప్పందం, బ్యాంకు నుంచి నెలనెలా పోయిన దాఖలా కావాలి. నేను ఇంటాయనకు చేతికిచ్చేవాణ్ని, రసీదు అడగడానికి మొహమాటం. క్లెయిముల సెక్షను ఉద్యోగికి రసీదు అడగడానికి మొహమాటమట!

పైగా తలుపే తప్పు. వడ్డీ, డబ్బు వాపసు లాంటివి రెరా అథారిటీ చూస్తుంది. అద్దె, మానసిక వేదన లాంటి పరిహారాలు తేల్చేది అడ్జుడికేటింగ్ ఆఫీసరు. 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గట్టిగా గీసింది. తెలంగాణలో మొదటిదానికి ఫారం ఎమ్, రెండోదానికి ఫారం ఎన్. నేను అన్నీ మూటగట్టి ఫారం ఎమ్‌లో పెట్టాను. వినియోగదారుల కమిషనుకు కూడా వెళ్లొచ్చు, రెండు దారులూ తెరిచే ఉన్నాయని 2020లోనే తేలింది. మేం కట్టింది యాభై లక్షలు దాటింది కాబట్టి అది రాష్ట్ర కమిషను అవుతుంది. మాస్టారు రెరానే ఎందుకు ఎంచుకున్నారంటే, ఇక్కడ వడ్డీ రేటు రూలులోనే రాసి ఉంది, అక్కడ అది కమిషను విచక్షణ. లెక్కల మాస్టారికి విచక్షణ కన్నా రూలు ఇష్టం.

విచారణ రోజున బిల్డరు తరఫు లాయరు నా 42 లక్షల జోలికే పోలేదు. నా సెటిల్‌మెంట్ లెటరు చూపించాడు. బలవంతంగా సంతకం చేయించుకున్నారని నేనన్నాను. ఆ మాటతో అతను చిన్నగా నవ్వి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమని మా క్లయింటు చెప్పలేదా అని అడిగాడు. చెప్పారు అన్నాను, అబద్ధం నోట రాలేదు. తర్వాత నా మెసేజి చదివాడు. మీ సంస్కారానికి నమస్కారం. మీలాంటి బిల్డరు దొరకడం మా అదృష్టం. గొంతు సవరించుకుని, చివర పువ్వు గుర్తు కూడా ఉంది అని కలిపాడు. ఆ గదిలో అన్ని కేసులవాళ్లూ ఉన్నారు. ఎవరో వెనక నుంచి పకపకా నవ్వారు. నేనైనా నవ్వేవాణ్నే.

ఇక్కడ ఒక విషయం నాకు ఒప్పుకోక తప్పదు, తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చినా అందులో తప్పు లేదు. తాళాలు ఇవ్వం అని బెదిరించి రాయించుకున్న కాగితం వేరు. కాఫీ ఇచ్చి, చదువుకోమని చెప్పి, ప్రతిఫలం ఇచ్చి రాయించుకున్న కాగితం వేరు. మాస్టారి ఎదుట బిల్డరు మొదటిది ప్రయత్నించి ఓడిపోయాడు. నా ఎదుట రెండోది ప్రయత్నించి గెలిచాడు. నా వడ్డీ అభ్యర్థన కొట్టేశారు. రెండో పార్కింగును సేల్ డీడులో చేర్చి రిజిస్టరు చేయాలని మాత్రం ఆదేశించారు. అందులో ఇప్పుడు మా పాత ఫ్రిజ్, పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు బిందెలు ఉన్నాయి.

మాస్టారి ఫిర్యాదు రెండు పేజీలు. మొదటి పేజీలో తేదీలు: అగ్రిమెంటు, గడువు, గ్రేసు, ఓసీ, తాళాలు. రెండో పేజీలో ఏ రోజు ఎంత కట్టారు, దానికి ఎన్ని నెలల ఆలస్యం, ఎంత వడ్డీ. వెనక అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, తాళాలివ్వనన్న రోజు ఉత్తరం, దాని ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు. ద్రోహం అన్న మాట ఎక్కడా లేదు. బిల్డరు గురించి ఒక్క విశేషణం లేదు. అది చదువుతుంటే నేను ముప్పై ఏళ్లుగా జనాన్ని ఎలా రాయమని వేధించానో సరిగ్గా అలాగే ఉంది.

వడ్డీ ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అయితే ఉత్తర్వు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు, ఇది చాలామందికి తెలియదు. బిల్డరు గడువు లోపల కట్టలేదు. అప్పుడు మాస్టారు నలభయ్యో సెక్షను కింద వసూలుకు దరఖాస్తు పెట్టారు. ఆ సెక్షను ప్రకారం ఈ బాకీని భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు, అంటే వ్యవహారం రెవెన్యూ అధికారుల చేతికి పోతుంది. అది నెమ్మదిగా నడిచే దారి, కలెక్టరాఫీసులో ఫైలు కదిలించుకోవాలి. బిల్డరు అప్పీలుకు పోతానన్నాడు. పోవచ్చు, కాని నలభై మూడో సెక్షను ఐదో ఉపసెక్షను ప్రకారం, కొన్నవాడికి ఇవ్వాల్సిన మొత్తం వడ్డీతో సహా ట్రిబ్యునల్‌లో ముందు డిపాజిటు చేస్తేనే అతని అప్పీలు వింటారు. ఎలాగూ మొత్తం తీయాల్సిందే అని తెలిశాక, అతను మాస్టారిని సైటు ఆఫీసుకు పిలిచాడు. లేచి నిలబడ్డాడట, చేతులు పట్టుకున్నాడట, కాఫీ తెప్పించాడట. మాస్టారికి షుగరు, కాఫీ వద్దన్నారు. డబ్బు రెండు చెక్కుల్లో ఇచ్చాడు, రెండోది ఒకసారి బౌన్సయి తర్వాత మారింది.

నా విషయం అక్కడితో పూర్తయింది, ఒక్క అద్దె తప్ప. సెటిల్‌మెంట్ లెటరులో పరిహారం అన్న మాట కూడా ఉంది కాబట్టి ఫారం ఎన్ వేసినా ఇదే గోడ తగులుతుందని లాయరు చెప్పాడు. మా ఆవిడ ఆ లెటరు నకలును లామినేషన్ చేయించి బీరువాలో పెట్టింది. ఎవరైనా అపార్ట్‌మెంటు కొంటున్నామని ఇంటికొస్తే తీసి చూపిస్తుంది, నేను పక్కనే ఉండగా. నిరుడు మా తమ్ముడు వచ్చి, బిల్డరు చాలా మంచివాడు వదినా, ఎంతో మర్యాదగా మాట్లాడతాడు అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా లేచి బీరువా దగ్గరికి వెళ్లింది.

ఉగాదికి బిల్డరు ఆఫీసు నుంచి స్వీటు ప్యాకెట్టు వచ్చింది, మా ఫ్లాటుకు మాత్రమే. మాస్టారికి రాలేదు. కాజూ కత్లీ, అరకిలో. కార్డు మీద అన్నగారికి అని చేత్తో రాశాడు. సగం మాస్టారి ఇంటికి పంపాను. ఆయన తినరు కాని, మనవళ్లు తిన్నారట.